ఆఫీసు వీపీఎన్ ఇంటి నుంచి ఎక్కడం లేదు, ఎర్రర్ 809. నిజంగా రౌటర్ మార్చాలా?

ఓళిగ_అనంత
అనంతపురంలో ఉంటాను. కర్నూలులో ఒక విత్తనాల హోల్‌సేల్ వాళ్ల లెక్కలు చూస్తాను. పాప పుట్టాక నాలుగు నెలలుగా ఇంటి నుంచే పని. టాలీ డేటా అంతా కర్నూలు ఆఫీసులో ఉంటుంది. ఇన్నాళ్లూ రోజూ సాయంత్రం వాళ్లు బ్యాకప్ పంపేవాళ్లు, నేను ఇక్కడ తెరుచుకునేదాన్ని. పోయిన వారం ఆఫీసుకు కంప్యూటర్లు చూసే ఆయన అక్కడ ఎల్‌టూటీపీ వీపీఎన్ పెట్టి నాకు అడ్రస్, యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఇంకో రహస్య కీ పంపాడు. విండోస్ 11లో ఉన్న సొంత వీపీఎన్‌లోనే అన్నీ ఎక్కించాను. కనెక్ట్ నొక్కితే కాసేపు తిరిగి, రిమోట్ సర్వర్ బదులు పలకడం లేదని ఒక పెద్ద పేరా చూపిస్తోంది. అందులో ఫైర్‌వాల్, నాట్, రౌటర్ అన్న మాటలున్నాయి.

ఆయన్ను అడిగితే "మీ ఇంటి రౌటర్ పాతది మేడం, కొత్తది 2500లో వస్తుంది, మార్చండి" అంటున్నాడు. రౌటర్ తీసుకుని ఏడాదిన్నరే అయింది. మార్చాలా? మార్చినా ఎక్కకపోతే ఆ 2500 ఎవరిస్తారు?

గండికోట_కుర్రోడు
రౌటర్ ఆపి పది నిమిషాలాగి వేశారా? మా కడపలో కరెంటోళ్లు రోజుకు మూడుసార్లు ఆ సేవ ఉచితంగా చేసి పెడతారు 😀

ఓళిగ_అనంత
చేశాను. మొబైల్ హాట్‌స్పాట్‌తో కూడా చూశాను. అదే పేరా.

పాతబస్టాండ్
రౌటర్ మార్చక్కర్లేదు గానీ, దాని లోపల సెట్టింగ్ మార్చాలి. సెక్యూరిటీ పేజీలో IPsec Passthrough, L2TP Passthrough అని ఉంటాయి, రెండూ టిక్ పెట్టండి. తర్వాత పోర్ట్ ఫార్వర్డింగ్‌లో 500, 4500, 1701 మీ ల్యాప్‌టాప్‌కు మళ్లించండి. ఎల్‌టూటీపీ ఎక్కకపోతే తొంభై శాతం ఇదే. నేను ఆదోనిలో ఎంతమందికి చేసిచ్చానో లెక్కలేదు.

హంద్రీ_వాగు
@పాతబస్టాండ్ పోర్ట్ ఫార్వర్డింగ్ ఆఫీసు వైపు చేసే పని అన్నా. ఇంట్లో కూర్చుని బయటికి పోయేవాళ్లకు అక్కర్లేదు. మనం ముందు పలకరిస్తే, వచ్చే జవాబును ఎవరికివ్వాలో రౌటరే గుర్తు పెట్టుకుంటుంది. ఆ మూడు పోర్టులూ తెరిచి ల్యాప్‌టాప్‌ను బజారులో నిలబెట్టొద్దు.

@ఓళిగ_అనంత ఏమీ మార్చకుండా ముందు మూడు సంగతులు చెప్పు చెల్లెమ్మా.

ఒకటి, ఆ పేరా కాదు, ఎర్రర్ నంబరు కావాలి. సెట్టింగ్స్ విండో నంబరు దాచేస్తుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `rasdial`, తర్వాత కొటేషన్ గుర్తుల్లో నీ వీపీఎన్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొడితే నంబరుతో సహా చెబుతుంది.

రెండు, ఇంట్లో ఐఫోన్ గానీ మ్యాక్ గానీ ఉందా? అదే వైఫై మీద అవే వివరాలతో అందులో ఎక్కుతుందేమో చూడు. కొత్త ఆండ్రాయిడ్‌తో కుదరదు, ఆండ్రాయిడ్ 12 నుంచి ఎల్‌టూటీపీ కొత్తగా పెట్టుకోనివ్వడం లేదు.

మూడు, కర్నూలు ఆఫీసులో ఆ వీపీఎన్ ఏ పెట్టెలో ఉంది? బయటి లైన్ నేరుగా దానికే వస్తుందా, లేక అది మరో రౌటర్ వెనక కూర్చుందా?

ఉగ్గాని_బజ్జి
నాదీ ఇదే సమస్య. వీపీఎన్ ఎక్కుతుంది, Connected అని వస్తుంది, కానీ ఆఫీసు ఫోల్డర్ తెరుచుకోదు. రెండు నెలలుగా టెన్షన్. ఆ రిజిస్ట్రీ కిటుకేదో ఉందంట కదా, అది చేస్తే అవుతుందా?

హంద్రీ_వాగు
@ఉగ్గాని_బజ్జి ఎక్కుతోంది అంటే నీది ఇది కాదు. నీ ఇంట్లో అడ్రస్‌లు 192.168.1 తో మొదలై, ఆఫీసులోనూ 192.168.1 తోనే మొదలవుతుంటే, ఆఫీసు సర్వర్‌ను వెతుకుతూ నీ ల్యాప్‌టాప్ ఇంట్లోనే తిరుగుతుంటుంది. `ipconfig` కొట్టి చూసుకో. ఒకటే అయితే ఇంటి రౌటర్‌లో 192.168.77 లాంటిదేదైనా పెట్టుకో. రిజిస్ట్రీ జోలికి పోకు.

ఉగ్గాని_బజ్జి
రెండుచోట్లా 192.168.1 ఏ అన్నా. ఇంతకాలం పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చున్నాను.

ఓళిగ_అనంత
@హంద్రీ_వాగు అన్నా, నంబరు 809.

మా తమ్ముడి ఐఫోన్‌లో అవే వివరాలు పెడితే ఇదే వైఫై మీద మొదటిసారే ఎక్కింది! నేను నమ్మలేక రెండుసార్లు తీసి మళ్లీ ఎక్కించాను.

మూడోదానికి ఆఫీసులో కనుక్కున్నాను. వీపీఎన్ పెట్టింది ఒక చిన్న లినక్స్ కంప్యూటర్‌లో. దాని అడ్రస్ 192.168.10.5. నెట్ వాళ్లిచ్చిన రౌటర్ వెనక ఉంది. ఆ రౌటర్‌లో 500, 4500 దీనికి మళ్లించామన్నారు.

ఇంకోటి చెప్పడం మర్చిపోయాను. బెంగళూరు క్లయింట్ ఒకరిది కూడా ఎల్‌టూటీపీ వీపీఎనే, ఇదే ల్యాప్‌టాప్‌లో, ఇదే రౌటర్ మీద ఏడాదిగా వాడుతున్నాను. అదెప్పుడూ మొండికేయలేదు. పాస్‌త్రూ కూడా చూశాను, రెండు టిక్కులూ ముందే ఉన్నాయి.

గండికోట_కుర్రోడు
బెంగళూరు దాకా పోతుందంట, కర్నూలు పోవడానికి మాత్రం ఏడుస్తుందంట. మా బామ్మర్ది లాగా ఉంది మీ ల్యాప్‌టాప్.

హంద్రీ_వాగు
ఆ మర్చిపోయిన మాటే అసలు సమాధానం. ఇంటి రౌటర్ నిర్దోషి. దాని వెనక నుంచే బెంగళూరు ఎక్కుతోంది, ఐఫోన్‌లో కర్నూలూ ఎక్కుతోంది. ఎక్కనిది ఒక్క జోడీయే: విండోస్ ఇటు, రౌటర్ వెనకున్న సర్వర్ అటు. ఆ బెంగళూరు వాళ్లది బహుశా పబ్లిక్ అడ్రస్ నేరుగా తగిలించుకున్న ఫైర్‌వాల్ అయి ఉంటుంది.

లోపల జరిగేది ఇది. ఎల్‌టూటీపీకి సొంతంగా తాళం లేదు, అందుకే ఐపీసెక్ లోపల పెట్టి పంపుతారు. ఐపీసెక్ పంపే గుప్త ప్యాకెట్‌కు పోర్టు నంబరు ఉండదు. రౌటరేమో పోర్టు నంబరు చూసే ఏది ఎవరిదో పంచుతుంది. ఇంటి నంబరు లేని ఉత్తరం అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేతికిచ్చినట్టు. దీనికి విరుగుడుగా ఆ గుప్త ప్యాకెట్‌ను యూడీపీ 4500 అనే కవరులో పెట్టి పంపడం వచ్చింది. ఇలా లోపలున్న అందరినీ ఒకే పబ్లిక్ అడ్రస్ మీద బయటికి పంపి, వచ్చిన జవాబులు పంచే రౌటర్ పనినే నాట్ అంటారు. మధ్యలో నాట్ ఉందని తేలితేనే ఆ కవరు వాడతారు.

నాట్ ఉందని ఎలా తేలుతుంది? మొదట 500 పోర్టు మీద మాట్లాడుకునేటప్పుడు ఇద్దరూ తమ అడ్రస్, పోర్టు కలిపి ఒక ముద్ర చేసి పంపుకుంటారు. నీ ల్యాప్‌టాప్ సంగతే చూడు. అది కర్నూలు ఆఫీసు పబ్లిక్ అడ్రస్‌తో మాట్లాడుతున్నాననుకుంటోంది, 203.0.113.20 అనుకుందాం. సర్వర్ పంపిన ముద్ర మాత్రం 192.168.10.5 తో చేసినది. రెండూ కలవవు. అవతలివాడు నేరుగా బయట లేడు, నాట్ వెనక ఉన్నాడని ల్యాప్‌టాప్‌కు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఐఫోన్ "ఉంటే ఉండనీ, కవరు వేసి పంపుదాం" అనుకుంటుంది. విండోస్ అనుకోదు. అవతలి సర్వర్ నాట్ వెనక ఉంటే దానితో ఒప్పందం చేసుకోకూడదన్నది దాని పుట్టు నియమం. ఇవతల మనం నాట్ వెనక ఉంటే దానికి అభ్యంతరం లేదు, అందుకే బెంగళూరు ఎక్కుతోంది. మాట మధ్యలో ఆపేసి, తానే తప్పుకుని, స్క్రీన్ మీద మాత్రం "సర్వర్ పలకడం లేదు" అంటుంది. అందుకే అందరి చూపూ ఇంటి రౌటర్ మీదికి పోతుంది.

పాతబస్టాండ్
అంటే ఇంటి రౌటర్‌కు ఏ సంబంధమూ లేదంటావా? నేను చేసిచ్చినవాళ్లకు పాస్‌త్రూ పెట్టాకే ఎక్కింది కదా. ఊరికే ఎక్కిందా?

హంద్రీ_వాగు
@పాతబస్టాండ్ పూర్తిగా లేదని అనను. 4500 ను అడ్డుకునే రౌటర్లుంటాయి, అప్పుడూ 809 ఏ వస్తుంది. నీ కేసుల్లో అదే జరిగి ఉండొచ్చు. కానీ 4500 కవరు వాడుతున్నప్పుడు అది రౌటర్‌కు మామూలు యూడీపీ లాగే కనిపిస్తుంది, పాస్‌త్రూతో పని లేదు. కొన్ని రౌటర్లలో ఆ టిక్కు తీసేస్తేనే ఎక్కుతుంది, అది చేసే అతి సాయం వల్ల.

రెంటినీ విడదీయాలంటే సర్వర్ లాగ్ చూడాలి. ఈమె కనెక్ట్ నొక్కినప్పుడు కర్నూలు పెట్టె లాగ్‌లో ఒక్క వరుస కూడా పడకపోతే దారిలో ఎవరో ఆపుతున్నారు: ఇంటి రౌటర్, నెట్ కంపెనీ, ఆఫీసు ఫార్వర్డింగ్, వీటిలో ఏదో ఒకటి. మాట మొదలై మధ్యలో ఆగిపోతే విండోస్ నియమం. ఇక్కడ ఐఫోన్ ఎక్కింది కాబట్టి లాగ్ అడగక్కర్లేకుండానే తేలిపోయింది.

హంద్రీ_వాగు
@ఓళిగ_అనంత ఇప్పుడు మందు. స్టార్ట్ మెనూలో cmd అని కొట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి Run as administrator తో తెరువు. ఇది ఒకే వరుస, చేత్తో కొట్టకుండా కాపీ చెయ్యి:

```
reg add HKLM\SYSTEM\CurrentControlSet\Services\PolicyAgent /v AssumeUDPEncapsulationContextOnSendRule /t REG_DWORD /d 2 /f
```

పడిందో లేదో ఇలా చూసుకో:

```
reg query HKLM\SYSTEM\CurrentControlSet\Services\PolicyAgent /v AssumeUDPEncapsulationContextOnSendRule
```

చివర 0x2 కనిపించాలి. తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్. ఇంకేమీ మార్చకు.

తుంగభద్ర_నీళ్లు
ఆ పేరు పెట్టినవాడెవడో గానీ సామీ, ఊపిరి తీసుకోకుండా చదవలేం.

పాతబస్టాండ్
దీన్ని నేనూ చేసినాను ఒకప్పుడు, అప్పుడు 1 పెట్టాను. ఎక్కింది. 2 ఎందుకు?

హంద్రీ_వాగు
0 అంటే నాట్ వెనకున్న సర్వర్ వద్దు. అదే పుట్టు విలువ, ఆ ఎంట్రీ అసలు లేకపోయినా 0 కిందే లెక్క. 1 అంటే సర్వర్ నాట్ వెనక ఉన్నా సరే. 2 అంటే సర్వరూ, మనమూ ఇద్దరం నాట్ వెనక ఉన్నా సరే. ఇంట్లో వైఫై మీద కూర్చున్నవాడు ఎలాగూ నాట్ వెనకే, కాబట్టి 2. నువ్వు చేసింది ఎప్పుడో డేటా కార్డు రోజుల్లో అయితే ఆ కార్డు నేరుగా పబ్లిక్ అడ్రస్ ఇచ్చి ఉంటుంది, 1 సరిపోయి ఉంటుంది.

పాతబస్టాండ్
డేటా కార్డే. సరే, అది ఒప్పుకుంటాను. పాస్‌త్రూ సంగతి మాత్రం ఒప్పుకోను.

ఓళిగ_అనంత
ERROR: Access is denied. అంది. మామూలుగా తెరిచానట, అడ్మినిస్ట్రేటర్‌గా కాదు. మళ్లీ సరిగ్గా తెరిచి చేశాను, 0x2 కనిపించింది. షట్‌డౌన్ చేసి, పాపకు పాలు పట్టి వచ్చి ఆన్ చేశాను. మళ్లీ 809 😞

ఆఫీసాయనకు చెబితే "నేను అప్పుడే చెప్పాను కదా మేడం, రౌటర్" అన్నాడు.

హంద్రీ_వాగు
షట్‌డౌన్ కాదు తల్లీ, రీస్టార్ట్. విండోస్‌లో Fast Startup అని ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టం లోపలి భాగాన్ని నిజంగా ఆపదు, డిస్క్ మీద రాసి పెట్టుకుని ఆన్ చేయగానే అలాగే లేపుతుంది. సర్వీసులు కొత్తగా మొదలు కావు, రిజిస్ట్రీలో రాసింది అవి చదవవు. స్టార్ట్ మెనూలో Restart నొక్కితే మాత్రం అంతా మొదటి నుంచి లేస్తుంది.

తుంగభద్ర_నీళ్లు
ఇది నాకు కొత్త సంగతి. ఇన్నేళ్లూ షట్‌డౌన్ చేస్తే శుభ్రంగా ఆగిపోతుందనుకుని ఉన్నా.

ఓళిగ_అనంత
ఎక్కింది!!! రీస్టార్ట్ చేసి కనెక్ట్ నొక్కగానే Connected. టాలీ తెరిచాను, కర్నూలు డేటా కళ్ల ముందే ఉంది. రూపాయి ఖర్చు లేదు. అన్నా, అనంతపురం వస్తే మా ఇంట్లో ఓళిగలు మీకు బాకీ.

గండికోట_కుర్రోడు
నాకు? షట్‌డౌన్ చేసి రౌటర్ ఆపమన్నది నేనే కదా.

దేవుని_కడప
ఇది చదివి నేనూ చేశాను, నాకు కాలేదు. మాది కూడా ఆఫీసు సర్వర్ రౌటర్ వెనకే. ఎర్రర్ 809 ఏ. రీస్టార్ట్ నాలుగుసార్లు చేశాను. విండోస్ 10. ఎప్పుడో ఒక పాత వ్యాసం చూసి ఇదే చేసినట్టు గుర్తు, అప్పుడూ కాలేదు.

హంద్రీ_వాగు
@దేవుని_కడప పైన ఇచ్చిన reg query కొట్టి ఏం వచ్చిందో పెట్టు. ఆ పాత వ్యాసంలో ఏ దారిలో రాయమన్నారో గుర్తుందా?

దేవుని_కడప
query కొడితే 0x2 వచ్చింది. పాత వ్యాసంలో Services కింద IPSec అని ఉన్నట్టు గుర్తు. అక్కడా ఉంది ఇప్పటికీ. ఇంకో వ్యాసంలో ProhibitIpSec అని ఒకటి 1 పెట్టమన్నారు, RasMan లోపల. అదీ పెట్టాను. మంచిదేమో అని తీయలేదు.

హంద్రీ_వాగు
దొరికింది. Services\IPSec ఎక్స్‌పీ కాలం నాటి దారి, ఇప్పుడు దాన్ని ఎవరూ చదవరు. ఉన్నా నష్టం లేదు. అసలు అపకారం ఆ రెండోది. RasMan\Parameters లో ProhibitIpSec 1 అంటే, ఎల్‌టూటీపీకి ఐపీసెక్ తొడుగు వేయొద్దని చెప్పడం. నీ ల్యాప్‌టాప్ ఏ తాళమూ లేకుండా నేరుగా 1701 మీద పోయి తలుపు కొడుతోంది. సర్వర్ అలాంటివాళ్లను రానివ్వదు కాబట్టి జవాబు లేదు. రౌటర్‌లో 1701 మళ్లించకపోతే అక్కడిదాకా చేరనే చేరదు. దాన్ని 0 చేసి రీస్టార్ట్ చెయ్యి.

చాలా వ్యాసాల్లో ఈ రెంటినీ కలిపి రాస్తారు. మొదటిది తలుపు తీసేది, రెండోది గోడ కూల్చేది. ఎక్కడో ఏ తాళమూ లేని సర్వర్‌కు ఎక్కడానికి ఎవరో రాసింది తిరిగి తిరిగి అందరి దగ్గరికీ వచ్చింది.

దేవుని_కడప
ఎక్కింది అన్నా. 0 చేశాక మొదట 789 అని కొత్త నంబరు వచ్చింది, గుండె జారింది. చూస్తే రహస్య కీలో చివర ఒక ఖాళీ పడింది కాపీ చేసినప్పుడు. తీసేస్తే ఎక్కింది.

హంద్రీ_వాగు
789 వస్తే సంతోషపడాలి, మాట కలిసిందన్నమాట. కీ తప్పయితే సాధారణంగా అదే వస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ తప్పయితే 691. నంబరు మారుతోందంటే ముందుకు పోతున్నట్టే.

శ్రీబాగ్_లైన్
మా నెట్ వాళ్లు రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్ 100.72 తో మొదలవుతోంది. పబ్లిక్ అడ్రస్ కాదని, అందుకే వీపీఎన్ రాదని మా వీధిలో ఒకాయన అన్నాడు. మాకు ఈ మందు పని చేస్తుందా?

హంద్రీ_వాగు
చేస్తుంది. నెట్ కంపెనీ తన దగ్గర ఇంకో నాట్ పెట్టిందంతే. నీవైపు ఒక నాట్ ఉన్నా, రెండు ఉన్నా విండోస్‌కు ఒకటే. నీ ఇంట్లో సర్వర్ పెట్టి బయటి నుంచి ఎక్కాలనుకుంటే మాత్రం మీ వీధాయన చెప్పింది నిజం.

బురుజు_కింద
ఆలస్యంగా చూశాను. కర్నూలులోనే సిస్టమ్స్ చూస్తాను, ఇరవై ఏళ్లు దాటింది. హంద్రీ చెప్పినదంతా సరే, కానీ ఆ నియమం ఎందుకు పెట్టారో ఎవరూ అడగలేదు. అది చేతకాక వదిలేసిన లోపం కాదు. అంతకుముందు, నాట్ దాటే అప్‌డేట్ వేసుకున్న ఎక్స్‌పీ ఇలాంటి సర్వర్లకు ఎక్కనిచ్చేది. 2004లో సర్వీస్ ప్యాక్ 2 తో కావాలనే ఆపారు. ఆ ఏడాది మా ఆఫీసులో ఒకే వారంలో అందరి వీపీఎన్‌లూ పడిపోయి, నేను రెండు రాత్రులు ఇంటికి పోలేదు.

కారణం ఇది. ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక రెండు సర్వర్లున్నాయనుకోండి. 500, 4500 ఒకదానికే మళ్లి ఉంటాయి. క్లయింటుకు కనిపించేది పబ్లిక్ అడ్రస్ ఒక్కటే. అది ఒక సర్వర్‌తో ఐపీసెక్ ఒప్పందం చేసుకుని, ఆ అడ్రస్‌కు పోయే మిగతా మాటలూ అదే దారిన పంపితే, రెండో సర్వర్‌కు చేరాల్సినది మొదటిదాని చేతిలో పడొచ్చు. అందుకే 2 పెట్టమంటే నాకు చేయి ఆడదు.

హంద్రీ_వాగు
@బురుజు_కింద సార్, ఆ ప్రమాదం పుస్తకంలో నిజమే. కానీ ఈమె ఆఫీసులో ఆ అడ్రస్ వెనక ఉన్నది ఒకే పెట్టె. ల్యాప్‌టాప్ నుంచి ఆ అడ్రస్‌కు ఈ వీపీఎన్ తప్ప వేరే ఐపీసెక్ పనీ లేదు. ఎవరికి తప్పుగా పోతుంది?

బురుజు_కింద
ఈమెకు ఏమీ కాదు, ఒప్పుకుంటాను. నా మాట ఆఫీసాయనకు. ఒక్క ల్యాప్‌టాప్‌కైతే రిజిస్ట్రీ. రేపు ఇరవై మంది ఇళ్ల నుంచి ఎక్కాలంటే ఇరవై చోట్ల రాయాలి. పబ్లిక్ అడ్రస్‌ను నేరుగా ఆ లినక్స్ పెట్టెకే తగిలిస్తే, అంటే రౌటర్‌ను బ్రిడ్జ్‌లో పెడితే, ఏ ల్యాప్‌టాప్‌లోనూ వేలు పెట్టక్కర్లేదు. తప్పు ఉన్నచోట సరిచేయాలి.

ఇంకోటి, 2024 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఎల్‌టూటీపీని, పీపీటీపీని రాబోయే విండోస్ సర్వర్లలో వదిలేస్తున్నామని ప్రకటించింది. మన ల్యాప్‌టాప్‌లోని క్లయింటు ఇప్పటికి అలాగే ఉంది. కొత్తగా పెట్టేవాళ్లు ఐకేఈవీ2 పెట్టుకోవడం మేలు.

హంద్రీ_వాగు
నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్‌ను బ్రిడ్జ్‌లో పెట్టించుకోవడానికి నేను ఒకచోట ఇరవై రెండు రోజులు తిరిగాను సార్. రిజిస్ట్రీ వరుసకు ఇరవై రెండు సెకన్లు.

బురుజు_కింద
అది కూడా నిజమే.

తుంగభద్ర_నీళ్లు
మాది క్లౌడ్ సర్వర్. పబ్లిక్ అడ్రస్ ఇచ్చారు, రౌటర్ ఏమీ లేదు. అయినా విండోస్‌లో 809. దీనికీ ఇదేనా?

హంద్రీ_వాగు
ఇదే. ఆ సర్వర్‌లోకి పోయి `ip addr` కొట్టు. పబ్లిక్ అడ్రస్ కనిపించదు, 10 తోనో 172 తోనో మొదలయ్యే లోపలి అడ్రస్ కనిపిస్తుంది. పబ్లిక్ అడ్రస్‌ను చాలామంది క్లౌడ్ వాళ్లు బయట నాట్‌లో తగిలిస్తారు. రౌటర్ కంటికి కనిపించదు గానీ ఉంటుంది. ఫైర్‌వాల్ నియమాల్లో యూడీపీ 500, 4500 తెరిచి ఉన్నాయో ముందు చూసుకో. 1701 బయటికి తెరవొద్దు, అది కవరు లోపలే వస్తుంది.

శ్రీబాగ్_లైన్
సర్వర్ కూడా విండోసే అయితే? క్లయింటులో ఒక్కచోట పెడితే చాలా?

బురుజు_కింద
విండోస్ సర్వర్ నాట్ వెనక ఉంటే అందులోనూ అదే విలువ పెట్టమని మైక్రోసాఫ్ట్ పత్రమే చెబుతుంది. రెండుచోట్లా 2, రెండుచోట్లా రీస్టార్ట్. సర్వర్‌ను పని వేళల్లో రీస్టార్ట్ చేసి తిట్లు తినకండి.

ఓళిగ_అనంత
వారం అయింది, బాగా నడుస్తోంది. రౌటర్ కొనమన్నాయన నిన్న ఫోన్ చేసి "మేడం, ఆ వరుస ఏదో కొట్టారంట కదా, వాట్సాప్‌లో పెట్టండి, ఇంకో ఇద్దరికి రావడం లేదు" అన్నాడు. పెట్టాను. షట్‌డౌన్ కాదు రీస్టార్ట్ అని పెద్ద అక్షరాల్లో రాశాను.

కొత్త తలనొప్పి ఒకటి. తమ్ముడు కూడా అదే ఆఫీసులో స్టాక్ పని మొదలుపెట్టాడు. వాడికి వేరే యూజర్ పేరు ఇచ్చారు. వాడు ఐఫోన్‌లో వీపీఎన్ ఎక్కిస్తే నాది పడిపోతోంది. నేను మళ్లీ ఎక్కితే వాడిది పోతోంది. వాడు మొబైల్ డేటా మీదికి మారితే ఇద్దరిదీ నడుస్తోంది.

పాతబస్టాండ్
ఇదిగో, ఇప్పుడు చెప్పండి, ఇంటి రౌటర్ కాదా? 😀

హంద్రీ_వాగు
@పాతబస్టాండ్ ఈసారి సగం నీదే అన్నా. ఇద్దరూ ఒకే పబ్లిక్ అడ్రస్ నుంచి, ఒకే సర్వర్‌కు, లోపల ఒకే 1701 కు వస్తున్నారు. 4500 కవరు మీద పోర్టును రౌటర్ వేరు చేస్తుంది, కానీ కవరు విప్పాక లోపల ఇద్దరూ ఒకేలా ఉంటారు. ఏ జవాబు ఎవరికో సర్వర్‌కు తెలియక, కొత్తగా వచ్చినవాడికే అన్నీ ఇచ్చేస్తుంది. ఇది ఎల్‌టూటీపీ వాడే ట్రాన్స్‌పోర్ట్ పద్ధతికి పుట్టుకతో ఉన్న ఇబ్బంది. రిజిస్ట్రీలో 2 కాదు కదా, 200 పెట్టినా పోదు. దీన్ని సర్వర్ వైపే చూడాలి. కొన్ని సర్వర్లు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. ఆ లినక్స్ పెట్టెలో ఐపీసెక్‌కు ఏ సాఫ్ట్‌వేర్ పెట్టారో కనుక్కో.

బురుజు_కింద
అందుకే ఐకేఈవీ2 అన్నాను.

హంద్రీ_వాగు
అనండి సార్, అనండి. ఆ పెట్టె మీ ఊళ్లోనే ఉంది, ఓసారి వెళ్లి చూసి రాకూడదూ.

బురుజు_కింద
ఓళిగలు నాకూ ఉంటే పోతాను.

ఓళిగ_అనంత
ఉంటాయి సార్. సాఫ్ట్‌వేర్ పేరు అడిగాను, ఆయన "లినక్స్" అని జవాబిచ్చాడు. మళ్లీ అడిగి సోమవారం పెడతాను. అప్పటిదాకా తమ్ముడు మొబైల్ డేటా మీదే.